బకెట్ అడగని ప్రశ్న

మా బావ దవడ పగలగొట్టింది నేనే. రెండు చోట్ల విరిగింది. బొగ్గు పారతో కొట్టాను. రేకు వైపు కాదు, కర్ర వైపు. ఆ తేడా చూసుకునేంత తెలివి అప్పుడు నాకుందో, చేతికి అలా దొరికిందో దేవుడికే తెలియాలి.

మేమిద్దరం ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని చేస్తాం. బావ బాయిలర్ ఆపరేటర్, నేను అతని కింద మంట చూసేవాణ్ణి. అక్కడ పుట్టిన ఆవిరి గోడ అవతల ఇస్త్రీ గదికి పోతుంది. ఆ గదిలో పదకొండు మంది ఆడవాళ్లు. అందులో మా అక్క ఒకతి, అంటే బావ భార్య. బాయిలర్‌కీ వాళ్లకీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ.

ఆపరేటర్ సర్టిఫికెట్ కోసం నేను రెండుసార్లు పరీక్షకు వెళ్లి రెండుసార్లూ తప్పాను. రెండోసారి పరీక్షాధికారి అడిగాడు.

"నీళ్లు తగ్గిపోతే ఏం చేస్తావు?"

"మంట ఆపాలి సార్. నీళ్లు పెట్టకూడదు."

"ఎందుకు పెట్టకూడదు?"

 పుస్తకంలో అంతవరకే ఉంది. ఆయన కసురుకోలేదు. "ఇంటికెళ్లి ఏమీ తెలియనివాడికి చెబుతున్నట్టు చెప్పుకో. పెద్ద మాటలు వాడకు. ఎక్కడ నోరు ఆగిపోతుందో అక్కడ నీకు తెలియదన్నమాట" అన్నాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే ప్రార్థన అయ్యాక, పెరట్లో బకెట్ బోర్లించి దానికెదురుగా కూర్చునేవాణ్ణి. దానికి కొత్తోడు అని పేరు పెట్టాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, "మీ శిష్యుడికి కూడా తేనా?" అని నవ్వేది.

కొత్తోడు బుర్ర తక్కువవాడు. అందుకే బాగా అడిగేవాడు. దాహమైతే నీళ్లిస్తాం కదా, దీనికెందుకివ్వకూడదు? నేను ఆలోచించి, వెతికి, మళ్లీ వచ్చి చెప్పాను. ఒరేయ్ కొత్తోడా, మంట పైనున్న ఇనుమును చల్లగా ఉంచేది నీళ్లే. నీళ్లు దిగిపోతే ఆ ఇనుము ఎర్రగా కాలి మెత్తబడుతుంది. దానిమీద చన్నీళ్లు పడితే ఇనుము పగులుతుంది, నీళ్లు ఒక్కసారిగా ఆవిరవుతాయి. బయట గాలిలో అయితే గ్లాసుడు నీళ్లు పదిహేను వందల గ్లాసులకు పైగా ఆవిరవుతాయి. లోపల అంత చోటెక్కడుంది? చీల్చుకుని బయటికొస్తుంది.

ఆ రోజు నాకు ప్రార్థన మీద కూడా అనుమానమొచ్చింది. చిన్నప్పటినుంచీ చెప్పుకుంటున్న మాటలకు అర్థం కొత్తోడు అడిగితే నేను చెప్పగలనా? స్వామీ, తప్పుగా అనుకోకు అని దండం పెట్టి లేచాను.

మరుసటి సోమవారం కొత్తోడు ఇంకోటి అడిగాడు. బాయిలర్‌లో నీళ్లెన్ని ఉన్నాయో నీకెలా తెలుసు?

పక్కనే గాజుగొట్టం ఉంటుంది కదా, అందులో కనిపిస్తుంది.

ఆ గొట్టంలో ఉన్నవి బాయిలర్‌లోని నీళ్లేనా?

నా నోరు ఆగిపోయింది.

గాజుగొట్టానికి పైన ఆవిరి దారి, కింద నీళ్ల దారి. రెంటికీ కుళాయిల్లా తిప్పి మూసే తిప్పుడు కాయలు. అడుగున ఖాళీ చేసే కాయ ఇంకొకటి. బావ రోజూ రెండు దారులూ తెరిచే ఉంచి అడుగు కాయ తిప్పేవాడు. బుస్సుమని వచ్చేది. "భేషుగ్గా ఉంది" అనేవాడు. కానీ నీళ్ల దారి మూసుకుపోయినా పై నుంచి ఆవిరి వచ్చి అలాగే బుస్సుమంటుంది! పైగా ఆ ఆవిరి చల్లారి గొట్టంలో నీళ్లుగా నిలుస్తుంది. లోపల ఎండిపోతున్నా గొట్టం నిండుగానే కనిపిస్తుంది. ఒక్కో దారినీ విడిగా తెరిచి చూస్తేనే నిజం తెలుస్తుంది. రెండో గాజుగొట్టం ఉంటే పోల్చుకోవచ్చు. మా రెండోది పగిలి నెల దాటింది. సూపర్‌వైజర్ ఇంకా తెప్పిస్తూనే ఉన్నాడు.

ఈ మాట బావకు చెప్పాను.

"ఎవరు చెప్పార్రా?"

"నేనే... అంటే, బకెట్‌కి చెబుతుంటే తెలిసింది బావా."

అతను కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇరవై ఏళ్లు నేను నిప్పులు మింగితే, బకెట్ గురువుగారొచ్చి నాకు పాఠం చెబుతున్నారా? పోయి బొగ్గెయ్, బావమరిదీ!"

ఆ రోజే మధ్యాహ్నం అన్నం తిని వచ్చాను. గాజుగొట్టం సగానికి పైగా నిండుగా ఉంది. బావ తృప్తిగా కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచీ బాయిలర్‌కి నీళ్లెక్కించే పంపు పెద్దగా వెయ్యలేదట. అవసరం కనపడలేదట. నేను ఊరికే పై కాయ మూసి, అడుగు కాయ తిప్పాను. గొట్టంలోని నీళ్లు జారిపోయాయి. తర్వాత రెండు చుక్కలు పడ్డాయి. తర్వాత ఏమీ లేదు.

"బావా, నీళ్ల దారి మూసుకుపోయింది. లోపల నీళ్లున్నాయో లేవో తెలీదు."

అతని మొహం పాలిపోయింది. ఒక్క ఉదుటున పంపు స్విచ్ వైపు దూకాడు.

"వద్దు బావా!"

"నీళ్లు లేకపోతే నీళ్లు పెట్టాలి కదరా, వెధవా!"

చొక్కా పట్టుకుని లాగాను. మోచేత్తో నా మూతిమీద కొట్టాడు. రెండు పళ్లు నోట్లోనే ఊడాయి. రక్తం మింగుతూ అతని నడుం పట్టుకున్నాను. ఇద్దరం బొగ్గుకుప్ప మీద పడ్డాం. నా కంట్లో వేలు గుచ్చాడు, నేను అతని మణికట్టు కొరికాను. నా జుట్టు పట్టుకుని తల నేలకేసి రెండుసార్లు కొట్టి, తన్ని లేచాడు. చెయ్యి స్విచ్ మీద పడబోతోంది. నా చేతికి పార తగిలింది.

ఎండుకట్టె విరిగిన చప్పుడయింది. బావ కూలిపోయాడు.

పొయ్యికి గాలి కొట్టే పంకా ఆపాను. పొగదారి మూశాను. పొయ్యి తలుపు తీసి తడి బూడిద పారతో మంట మీద కుమ్మరించాను. నాలుగో పారకు, పొయ్యి కప్పులో ఉండే మెత్తని లోహపు బిరడా కరిగి ఊడింది. నీళ్లు దిగిపోతే కరగడానికే దాన్ని పెడతారు. ఆవిరి ఏనుగులా ఘీంకరిస్తూ పొయ్యిలోకి దూకి, నిప్పుల్ని తలుపులోంచి నామీదికి చిమ్మింది. కుడిచెయ్యి తోలు మోచేతి దాకా ఊడివచ్చింది. ఎడంచేత్తో బావ కాలరు పట్టుకుని ఇస్త్రీ గది గుమ్మం దాకా ఈడ్చాను.

"పరిగెత్తండి!" అని అరిచాను. ఆడవాళ్లు పరిగెత్తారు. అక్క మాత్రం ఇటే వచ్చింది. రక్తంలో మొగుణ్ణి చూసింది, లోపల పడి ఉన్న పారను చూసింది. చెప్పు తీసి నా మొహం మీద కొడుతూనే ఉంది, కాలిన చేతి మీద కూడా. నేను ఆపలేదు.

మర్నాడు నేను చేతికి కట్టుతో నిలబడి ఉండగా, బాయిలర్ ఇన్‌స్పెక్టర్ పొయ్యి లోపల దూరి చూసి వచ్చాడు. కప్పు ఇనుము కడుపులా కిందికి జారిందట. "పంపు తిరిగి ఉంటే ఈ గోడ ఉండేది కాదు, అవతలివాళ్లూ ఉండేవాళ్లు కాదు" అన్నాడు. ఆ మాట అక్కకు చెప్పాను. విన్నది. నా వైపు చూడకుండా ఆసుపత్రికి బయల్దేరింది.

పదో రోజు బావను చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాను. దవడ తీగలతో కట్టేశారు, మాట రాదు. అక్క లేచి కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడింది. బావ నోటుపుస్తకం తీసుకుని రాసి చూపించాడు.

"నీళ్లెందుకు పెట్టకూడదు?"

చెప్పాను. మెత్తబడిన ఇనుము, చన్నీళ్లు, గ్లాసుడు నీళ్లు, లోపల చాలని చోటు. బకెట్‌కి ముందే చెప్పుకున్న నాలుగు మాటలే, అదీ చెప్పాను. బావ కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత మళ్లీ రాశాడు.

"ఇంతేనా! ఇది ఆ గొడవకి వారం ముందే బకెట్‌కి చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?"

నోరు తెరిచాను. గాజుగొట్టం సంగతి చెప్పాను, నువ్వు నవ్వావు, అందామనుకున్నాను. నిజమే, నవ్వాడు. కానీ నవ్విన తర్వాత ఇంకోసారి చెప్పడానికి నేనేం ప్రయత్నం చేశాను? బకెట్ నవ్వేది కాదు. వినని మనిషికి ఎలా చెప్పాలో అది ఒక్కనాడూ అడగలేదు.

"తెలీదు బావా" అన్నాను.

కిటికీ దగ్గర అక్క వెనక్కి తిరిగింది. ఒక స్టూలు తెచ్చి, మంచం పక్కన చప్పుడయ్యేలా పెట్టింది.

"కూర్చో. నాక్కూడా చెప్పు" అంది. "మొదట్నుంచీ. ఆ గోడ పక్కన కూర్చునేది నేనే కదా."