నలభై ఏడో వరుస

ఎనభై ఆరు వరుసల పట్టికలో మిగతావన్నీ రాసేసి, ఆఖరున మిగిలిన నలభై ఏడో వరుస దగ్గరికి వచ్చేసరికి చిన్నమ్మాయికి కుర్చీలో కుదురు లేకుండా పోయింది. లేచి కిటికీ దాకా నడిచింది. కింద షెడ్డులో వెల్డింగ్ చిటపటలాడుతోంది. తిరిగొచ్చి అదే వాక్యం మళ్లీ చదివింది. ఎన్నిసార్లు చదివినా అది చెప్పేది ఒకటే. అయినా ఈసారి దయతలచి ఇంకోలా చెబుతుందేమోనని ఆవిడ ఆశ.

అప్పుడు టైము పదిన్నర. ఆసుపత్రిలో టెండరు పెట్టెకు తాళం వేసేది మధ్యాహ్నం మూడింటికి. ఆపరేషన్ సామాన్లను ఆవిరితో శుద్ధి చేసే యంత్రాలు ఆరు కావాలని వాళ్లు అడిగారు. అవి తయారుచేసే షెడ్డు బాబాయిది. పదకొండు మంది పనివాళ్లు. ఎనిమిది నెలలుగా ఒక్క ఆర్డరు లేదు. ఇది కూడా పోతే నెలాఖరుకు షట్టరు దించేస్తానని బాబాయి సోమవారం నాడు ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. కేకలేసి చెప్పి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

కంపెనీలో టెండరు కాగితాలన్నీ చిన్నమ్మాయి పనే. అందులో అసలు తలనొప్పి ఈ పట్టిక. ఆసుపత్రి పెట్టిన ప్రతి షరతునూ ఒక్క అక్షరం మార్చకుండా ఎడమవైపు దించాలి. పక్కన మన యంత్రం ఆ షరతుకు సరిపోతుందో లేదో రాయాలి. ఆ పక్కన, దానికి రుజువు మన మాన్యువల్లో ఏ పేజీలో ఉందో రాయాలి. కొన్ని వరుసల మొదట్లో నక్షత్రం గుర్తు ఉంటుంది. గుర్తు లేని చోట "లేదు" అని రాస్తే కమిటీ ఆలోచిస్తుంది, ఒక్కోసారి ఒప్పుకుంటుంది. నక్షత్రం ఉన్న చోట "లేదు" అంటే ఆ బిడ్డుకు అక్కడితో మంగళం.

పోయినసారి టెండరు పోయింది ఆవిడ చేతి చలవే. మొదటి వరుసలో "అంగీకరిస్తున్నాం" అని కొట్టి, కంప్యూటరులో ఆ గడిని పట్టుకుని కింద దాకా లాగేసింది. అందరూ చేసే పనే. ఖర్మకొద్దీ ఒక వరుసలో "ఒక విడతకు ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో తెలపాలి" అని ఉంది. వాళ్లు ఎన్ని లీటర్లని అడిగితే వీళ్లు అంగీకరిస్తున్నామని జవాబిచ్చారు. కమిటీ గదిలో ఎవరో ఆ వరుస పైకి చదివారట, అందరూ పగలబడి నవ్వారట. బాబాయి ఇంటికొచ్చి పల్లెత్తు మాట అనలేదు. చిన్నప్పటినుంచీ కన్నకూతురిలా పెంచిన మనిషి, ఆ రోజు రెండు తిట్లు తిడితే ఆవిడకు అన్నం సయించేది.

అందుకే ఈసారి లాగడాలు లేవు. తొమ్మిది రోజులుగా ఒక్కో వరుసా రాస్తూ, ఒక్కో పేజీ తిరగేసి చూసుకుంటూ వచ్చింది. చూడబట్టే దొరికింది.

నలభై ఏడో వరుస, ముందు నక్షత్రం. యంత్రానికి రెండు తలుపులు ఉండాలి. ఒకటి తెరిచి ఉన్నప్పుడు రెండోది తెరుచుకోకూడదు. కరెంటు పోయినప్పుడు కూడా ఈ ఏర్పాటు పనిచేయాలి.

ముప్ఫయ్యో పేజీలో తలుపుల బొమ్మ ఉంది, అంతా సవ్యంగానే ఉంది. పేజీ తిప్పితే ముప్ఫై ఒకటి. "కరెంటు లేనప్పుడు అత్యవసర తాళంచెవితో ఏ తలుపునైనా తెరవవచ్చు." తమ మాన్యువలే, గొప్ప సదుపాయమన్నట్టు దళసరి అక్షరాల్లో అచ్చేసి మరీ చెబుతోంది.

ఆవిడ మెట్లు దిగి మేస్త్రిని పిలిచింది. ఇరవై ఏళ్లుగా ఆ తలుపులు బిగిస్తున్నది ఆయనే.

"మేస్త్రిగారూ, కరెంటు లేనప్పుడు రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయా?"

"తాళంచెవి ఉంటే తెరుచుకుంటాయమ్మా. మనది కరెంటుతో పట్టుకునే గడియ కదా. అది లేకపోతే పట్టుకునేదేముంది?"

"తెరుచుకుంటే ఏమవుతుంది?"

మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "యంత్రాన్ని గోడలో పెడతారమ్మా. అటు గదిలో నెత్తురు సామాను లోపల పెడతారు, ఇటు గదిలో శుద్ధయిన సామాను తీస్తారు. రెండూ ఒకేసారి తెరిస్తే అటు గాలి ఇటొస్తుంది. ఇటు తీసిన కత్తెర తర్వాత వెళ్లేది ఎవరి కడుపులోకో."

"కరెంటు లేకపోయినా పట్టేలా చేయలేమా?"

"ఎందుకు చేయలేం? రెండు తలుపులకీ మధ్య ఒక కడ్డీ వేస్తే సరి. ఇది తెరిస్తే అది బిగుసుకుంటుంది. పది రోజులు ఇవ్వండి."

పది రోజులు! ఆవిడ దగ్గరున్నది నాలుగు గంటలు. పైగా ముందు ముందు చేసి పెడతామంటే చెల్లదు, బిడ్డు వేసే రోజుకు యంత్రం ఎలా ఉందో అలాగే రాయాలని టెండరు పుస్తకంలో మూడో పేజీలోనే ఉంది.

పైకొచ్చేసరికి బాబాయి ఆవిడ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ధర రాసిన కవరు అప్పటికే అంటించి, లక్క ముద్ర కూడా వేసేశాడు. విషయం చెప్తే విన్నాడు. విన్నంతసేపూ కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు.

"సరిపోతుందని రాసెయ్. పేజీ ముప్ఫై అని వెయ్."

"పక్క పేజీలోనే కాదని ఉంది బాబాయ్."

"పక్క పేజీ తీసెయ్. నంబర్లు మళ్లీ వేసుకుంటే ఎంతసేపు?"

"మరి యంత్రం?"

"కడ్డీ వేయిస్తాను. ఆర్డరు వచ్చాక వేయించనా? నేనేమైనా దొంగనా అమ్మాయ్?"

దొంగ కాదు. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. కడ్డీ వేయిస్తాడని కూడా తెలుసు. కానీ ఆర్డరు వచ్చిన మర్నాడే ముప్ఫై రోజుల్లో యంత్రాలు పంపమంటారు, ఆ హడావుడిలో రెండు కడ్డీలు వేసి, నాలుగు తర్వాత చూద్దామనుకుంటారు. ఈ షెడ్డులో "తర్వాత" అన్న మాట ఎన్నేళ్లు బతుకుతుందో ఆవిడ చూసింది. ఆఫీసు గోడకు సున్నం వేయడం తర్వాతే అని తన స్కూలు రోజుల నుంచీ వింటోంది.

ముప్ఫై ఒకటో పేజీని ఫైలు లోంచి తీసింది. పట్టుకుని గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగింది. బల్ల మీద పెట్టింది. మళ్లీ తీసింది. కాలు గాలిన పిల్లిలా ఎంతసేపు తిరుగుతావని బాబాయి విసుక్కున్నాడు. పన్నెండయింది. పదకొండు మంది మొహాలూ కళ్లముందు కదిలాయి. ఎవరో తెలియని కడుపు ఒకటి వాళ్ల మధ్యలో కూర్చుంది. అది లేచి వెళ్లడం లేదు.

"నావల్ల కాదు బాబాయ్," అంది చివరికి. ఏడుపొచ్చింది. "పోయినసారి చదవకుండా రాశాను. ఈసారి చదివి కూడా అలాగే రాయమంటావా?"

బాబాయి ఆవిడ కుర్చీలోంచి లేచాడు. "నీ ఇష్టం," అన్నాడు. "పట్టిక నీది."

పేజీని ఫైల్లో పెట్టేసింది. నలభై ఏడో వరుసలో ఇలా రాసింది: "లేదు. కరెంటు ఉన్నప్పుడు మాత్రమే రెండో తలుపు బిగిసి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తాళంచెవితో రెండు తలుపులూ తెరవవచ్చు. పేజీ 31." బాబాయి పేజీ పేజీకీ సంతకం పెడుతూ వచ్చి ఆ పేజీ దగ్గర ఆగాడు. కలం విదిలించాడు. సిరా అయిపోయిందేమో అనుకున్నట్టు ఇంకోసారి విదిలించి, సంతకం పెట్టాడు.

కవర్లు పెట్టెలో పడేసరికి రెండూ నలభై. మూడున్నరకు అందరి ముందూ పట్టికలున్న సాంకేతిక కవర్లు విప్పారు. మొత్తం నాలుగు బిడ్లు. పక్క కుర్చీలో కూర్చున్న ఇంకో కంపెనీ ప్రతినిధి తన పట్టిక ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. ఆవిడ ఓరకంట చూసింది. పై నుంచి కింద దాకా "అంగీకరిస్తున్నాం", "అంగీకరిస్తున్నాం". ఎవరో గడి పట్టుకుని లాగినట్టుంది.

ఆ తర్వాత రోజులు గడవలేదు, ఈడ్చుకుంటూ పోయాయి. బాబాయి ఆవిడతో అవసరానికి మాట్లాడేవాడు, అంతే. ఫోను మోగితే ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపేవాళ్లు. ఎనిమిదో రోజు ఆసుపత్రి నోటీసు బోర్డులో జాబితా పెట్టారు. తమ కంపెనీ పేరు పక్కన "తిరస్కరణ, వరుస 47". మిగతా ముగ్గురినీ యంత్రాలు చూపించమని పిలిచారు. చిన్నమ్మాయి ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకొచ్చి బాబాయికి చూపించింది. ఆయన చూసి, ఫోను ఆవిడకే ఇచ్చి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆవిడ బల్ల మీద తలపెట్టుకుని కూర్చుంది. తను చేసింది తప్పు కాదని తెలుసు. తెలిసినందువల్ల పదకొండు ఇళ్లల్లో పొయ్యి వెలగదు కదా!

షట్టరు దించాల్సిన రోజుకు ఇంకా అయిదు రోజులుందనగా, ఆసుపత్రి కొనుగోలు విభాగం గుమాస్తా ఫోను చేశాడు. బాబాయి తీశాడు. నిలబడి విన్నాడు. ఆ, ఆ అన్నాడు. ఫోను పెట్టేసి ఆవిడ వైపు తిరిగాడు.

"టెండరు రద్దయిందట."

"ఏం?"

"కమిటీలో ఆపరేషన్ థియేటరు హెడ్‌నర్సు ఉందట. నీ వరుస చదివి, ఒక కంపెనీ మా దగ్గర లేదని రాసిందంటే మిగతావాళ్ల దగ్గర ఉందో లేదో చూడాలి కదా అందట. యంత్రం చూపించడానికి వచ్చిన ప్రతివాడి దగ్గరా ముందు మెయిన్ స్విచ్ ఆపించిందట." బాబాయికి నవ్వు ఆగలేదు. "ముగ్గురివీ తెరుచుకున్నాయి! మూడింటికి మూడూ! ఒకడైతే తలుపు మూయడానికి భుజం ఆనించాడట."

"మరి ఇప్పుడు?"

"మళ్లీ పిలిచారు. మూడు వారాలు గడువు."

ఆ మధ్యాహ్నమే మేస్త్రి కడ్డీకి కొలతలు తీసుకున్నాడు. గెలిచినట్టు కాదు, అది ఇద్దరికీ తెలుసు. ఆ ముగ్గురికీ కూడా కడ్డీ వేయడానికి మూడు వారాలు ఉన్నాయి. అయినా షట్టరు సంగతి ఎవరూ ఎత్తలేదు.

పదిహేను రోజుల తర్వాత చిన్నమ్మాయి కొత్త పట్టిక తెరిచింది. బాబాయి వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "చదువు," అన్నాడు. "నువ్వు ఒక్కోటీ చదువు, నేను వెళ్లి చూసొస్తాను. మాన్యువల్లో కాదు. యంత్రం మీద."

ఒకటో వరుస చదివింది. ఆయన మెట్లు దిగి, చూసి, మెట్లెక్కి వచ్చాడు. రెండోది. మూడోది. కాగితం మీద అన్నీ కలిపి రాసుకుని ఒకేసారి వెళ్లొచ్చు కదా అంటే ఒప్పుకోలేదు. మోకాళ్లు పట్టుకుని మరీ ఎక్కుతున్నాడు. పన్నెండో వరుస, సామాన్లు పెట్టే లోపలి అర ఎత్తు ఎంతో. ఈసారి ఎంతకీ రాలేదు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూసింది. బాబాయి యంత్రంలో నడుము దాకా దూరి ఉన్నాడు. మేస్త్రి టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు.

పైకొచ్చాడు. చొక్కా అంతా మసి. చేతిలో కొలత టేపు.

"ఇన్నేళ్లుగా మాన్యువల్లో రాస్తున్నది తప్పు," అన్నాడు ఆయాసపడుతూ. "అసలు ఎత్తు దానికన్నా ఆరు మిల్లీమీటర్లు తక్కువ."

చిన్నమ్మాయి వరుస మొదట్లో నక్షత్రం ఉందేమో అని గబగబా తెర వైపు తిరిగింది.

"అది చూడకు," అన్నాడు బాబాయి. "ముందు ఆరు తక్కువని రాయి."