ఆగును, సాగును

గణితంలో మాస్టారికి తెలియనిది లేదని అందరికీ తెలుసు. అందరికంటే ముందు ఆ సంగతి మాస్టారికే తెలుసు. అందుకే పరీక్ష పేపర్లు దిద్దే క్యాంపుకి ఆయన్ని చీఫ్ ఎగ్జామినర్‌గా వేస్తే ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఇన్నాళ్లూ ఎందుకు వేయలేదా అని మాత్రం కొంచెం ఆశ్చర్యపోయారు.

క్యాంపు ఒక కాలేజీ లైబ్రరీలో పెట్టారు. పుస్తకాల బీరువాలన్నీ గోడలకి నెట్టేసి, మధ్యలో పొడుగు బల్లలు వేశారు. బల్లకింతమంది లెక్చరర్లు, చేతుల్లో ఎర్ర పెన్నులు, ముందు దారంతో కట్టిన కట్టలు. పేపర్ల మీద పిల్లల పేర్లుండవు, కోడ్ నంబర్లే ఉంటాయి. పైన ఫ్యాన్లు గాలికంటే చప్పుడే ఎక్కువ పంచిపెడుతున్నాయి.

మొదటిరోజు మాస్టారు గొంతు సవరించుకుని రూల్స్ చదివి వినిపించారు. "కీలో ఉన్నదే జవాబు. సొంత తెలివి ఇంటిదగ్గర పెట్టి రండి. పిల్లలు కొట్టేసిన లెక్క జోలికి పోవద్దు. కొట్టేశారంటే వాళ్లే కాదనుకున్నారని అర్థం. దానికి అరమార్కు వేసినా నేను ఊరుకోను."

"అవునండి" అన్నాడు అసిస్టెంటు. ఈ మనిషి మాస్టారు నోరు తెరవకముందే అవునండి అంటాడు. అందుకే క్యాంపులో అందరూ అతన్ని అవునండిగారనే పిలుస్తారు. మాస్టారు రాసిన కీ కింద సంతకం పెట్టింది కూడా ఇతనే. చదివి పెట్టాడని ఎవరూ అనుమానించలేదు.

ఇక మాస్టారి కీర్తి గురించి రెండు ముక్కలు. ఒక ఫంక్షన్‌ని అనంతం దాకా ఇంటెగ్రేట్ చేయమంటే, అంటే దాని గీత కింద వైశాల్యం కట్టమంటే, పిల్లలు బెదిరిపోతారు. నిజానికి అందులో బెదరాల్సిందేమీ లేదు. అనంతం దాకా పరుగెత్తనక్కర్లేదు. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగి, అక్కడివరకూ మామూలు ఇంటెగ్రలే చేసి, ఆ తర్వాత ఆగిన చోటుని మెల్లగా దూరం జరుపుతూ పోవాలి. విలువ ఒక సంఖ్య దగ్గర కుదురుకుంటే కన్వర్జ్, కుదురుకోకపోతే డైవర్జ్. అంతే. కానీ ఇంత ఓపిక ఎవరికుంది? అందుకని ఒకటి బై ఎక్స్ పవర్ పి కోసం మాస్టారు ఒక సూత్రం కట్టారు.

'పి ఒకటిని దాటితే ఆగును, దాటకుంటే సాగును.'

ఆగితే కన్వర్జ్, సాగితే డైవర్జ్. క్లాసంతా కోరస్‌గా అరిచేది. వరండాలో పోయే ప్యూను కూడా కూనిరాగం తీసేవాడు. ఆయన పేరు ఆగును-సాగును మాస్టారుగా స్థిరపడిపోయింది. మాస్టారు దానికి లోలోపల మురిసిపోయి, పైకి విసుక్కునేవారు.

ఆఖరిరోజు మధ్యాహ్నం అవునండిగారు ఒక కట్ట పట్టుకుని, గొంతులో వెలక్కాయ పడ్డవాడిలా వచ్చి నిలబడ్డాడు.

"మూడో బల్ల కట్టండి. ఆరో ప్రశ్న అంతా తిరగబడిందండి. తప్పు రాసినవాళ్లకి ఐదు, రైటు రాసినవాళ్లకి సున్నా."

"ఎవరా మహానుభావుడు?"

అవునండిగారు ఫ్యాను వైపు చూశాడు. "మేడంగారండి."

మేడంగారంటే వేరే కాలేజీ గణితం లెక్చరరు. ఇంట్లో మాస్టారి భార్య. పొద్దున్నే ఒకే స్కూటరు మీద వచ్చి, గేటు దగ్గర దిగగానే సార్, మేడం అయిపోయేవారు.

అవునండిగారు గొంతు తగ్గించాడు. "అంటే... జవాబు రెండు అని రాసినవాళ్లు ఎక్కువగా మేడంగారి కాలేజీ పిల్లలేమోనని బల్లల దగ్గర అనుకుంటున్నారండి. నేననలేదండి."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. చీఫ్ ఎగ్జామినర్ భార్య సొంత కాలేజీ పిల్లలకి మార్కులు పంచుతోందా! సాయంత్రానికి కట్టలు సీలు వేయాలి. ఆయన విసవిసా మూడో బల్ల దగ్గరికి నడిచారు. హాల్లో ఎర్ర పెన్నులన్నీ ఆగిపోయాయి. అప్పటిదాకా తలెత్తని వాళ్లు కూడా పెన్ను మూత కోసం వెతుక్కుంటున్నట్టు నటిస్తూ తలెత్తారు.

"మేడం, ఆరో ప్రశ్నకి కీ చూశారా?"

"చూశాను సార్. కీ తప్పు."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ ఆయన్ని చాలా అంది. ఉప్పు డబ్బా మూత పెట్టరంది, తడి తువ్వాలు మంచం మీద వేస్తారంది. గణితం జోలికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

ప్రశ్న చిన్నదే. ఒకటి బై రూట్ ఎక్స్‌ని సున్నా నుంచి ఒకటి వరకు ఇంటెగ్రేట్ చేస్తే కన్వర్జ్ అవుతుందా, అయితే విలువెంత?

"పి ఎంత? రూట్ కాబట్టి అర" అన్నారు మాస్టారు, అందరికీ వినబడేలా. "ఒకటిని దాటిందా? దాటలేదు. కాబట్టి సాగును. డైవర్జ్."

"ఎక్కడికి సార్ సాగేది? కుడివైపు ఒకటి దగ్గర ఆపేశారుగా."

వెనక బల్ల దగ్గర ఎవరికో దగ్గొచ్చింది. మాస్టారు తడుముకుని, "సున్నా దగ్గర పైకి సాగును" అన్నారు.

"గీత పైకి పోతుంది, నిజమే. దాని కింద వైశాల్యం కూడా పోతుందా అన్నది కదా ప్రశ్న." ఆవిడ ఒక కాగితం లాక్కుంది. "సున్నా దగ్గరికి వెళ్లకుండా, కాస్త ఇవతల, టీ అనుకున్న చోట ఆగుదాం. టీ నుంచి ఒకటి వరకు మామూలు ఇంటెగ్రలే. రెండు మైనస్ రెండు రూట్ టీ వస్తుంది. టీ నూరో వంతైతే ఒకటి పాయింట్ ఎనిమిది. పదివేలో వంతైతే ఒకటి పాయింట్ తొమ్మిది ఎనిమిది. టీని సున్నాకి ఎంత దగ్గరగా జరిపినా రెండు దాటదు, రెండు దగ్గరే కుదురుకుంటుంది. మీ సూత్రం ఒకటి నుంచి అనంతం దాకా పోయేటప్పటిది. సున్నా దగ్గర అది తలకిందులవుతుంది. పి ఒకటికి లోపలుంటేనే ఆగుతుంది. సరిగ్గా ఒకటైతే రెండువైపులా ఆగదు."

"సూత్రం ఉండగా మళ్లీ లెక్క చేయడమేమిటి?" అన్నారు మాస్టారు. నోట్లోంచి వచ్చాక ఆ మాట ఆయనకే బాగా అనిపించలేదు. కానీ పదిమందిలో అనేశాక వెనక్కి తీసుకోవడం చీఫ్ ఎగ్జామినర్ల వల్ల అయ్యే పని కాదు. "టీ బ్రేక్ తర్వాత చూద్దాం" అని ఆ కాగితం లాక్కుని తన గదిలోకి వెళ్లిపోయారు.

గదిలో ఆయన చేసిన మొదటి పని, భార్య లెక్కలో తప్పు వెతకడం. దొరకలేదు. రెండో పని, మళ్లీ వెతకడం. ఆవిడ రాత కూడా అంత నీటుగా ఉండటం మరింత ఒళ్లుమండించింది. చివరికి గ్రాఫ్ గీశారు. సున్నా దగ్గర గీత నిటారుగా ఆకాశానికి లేచింది. "చూశావా, ఎలా పోతోందో!" అని ఖాళీ కుర్చీతో అన్నారు. ఇంతలో ప్యూను టీ గ్లాసు తెచ్చాడు. పెట్టడానికి చోటు లేక బల్ల మీది కాగితాన్ని అడ్డంగా తిప్పి, పక్కకి జరిపి, గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు.

మాస్టారు గ్లాసు అందుకోబోయి, అలాగే ఉండిపోయారు.

అడ్డం తిరిగిన కాగితం మీద ఆ గీత ఇప్పుడు ఆకాశంలోకి పోవడం లేదు. నేల వెంబడి సన్నబడుతూ దూరంగా పోతోంది. ఆ తోకని ఆయన ఎక్కడైనా గుర్తుపడతారు. అది ఒకటి బై ఎక్స్ స్క్వేర్. ఒకటి నుంచి అనంతం దాకా దాని వైశాల్యం ఒకటి. పి రెండు, ఒకటిని దాటింది, ఆగును. ఇన్నేళ్లు కోరస్ పాడించింది దానికోసమే. ఆ తోక పక్కనే, ఒకటి బై ఒకటి చదరం బుద్ధిగా కూర్చుని ఉంది. చదరం ఒకటి, తోక ఒకటి.

మొత్తం రెండు.

సొంత సూత్రమే సాక్ష్యానికి వచ్చి ఎదుటిపక్షాన నిలబడింది. మాస్టారికి భయం వేసింది, సిగ్గు వేసింది. మొదటి సంవత్సరం బోర్డు మీద 'ఒకటి నుంచి అనంతం వరకు' అని పూర్తిగా రాసేవారని గుర్తొచ్చింది. ఆ ముక్క ప్రాసలో ఇమడలేదు. ఇమడలేదని తీసేశారు. ఆ తర్వాత అది ఉండేదన్న సంగతే మర్చిపోయారు.

ఊరుకుంటే ఏమవుతుంది? సాయంత్రానికి సీలు పడుతుంది. విన్నవాళ్లెవరూ చీఫ్ ఎగ్జామినర్‌కి ఎదురుచెప్పరు. ఎదురుచెప్పిన మనిషి ఒక్కతే, ఆవిడ బయట చెప్పదు. ఇంట్లోనూ చెప్పదు. ఉప్పు డబ్బా మూత పెట్టకపోయినా ఇక ఏమీ అనదు. ఆ ఆలోచన ఆయనకి అన్నిటికంటే ఎక్కువ భయం పుట్టించింది. టీ ముట్టకుండా లేచారు.

హాల్లో అవునండిగారు ఎదురొచ్చాడు. "మేడంగారి కట్ట సరిచేయించడం మొదలుపెట్టానండి."

"ఆపండి. కీ తప్పు."

"అవునండి." అని, అన్నదేమిటో అప్పుడు చెవినపడి, "అంటే... కాదండి?" అన్నాడు.

"అవునండి" అన్నారు మాస్టారు. "ఆరో ప్రశ్నకి జవాబు రెండు. లిమిట్ వేసి రెండు తెచ్చినవాళ్లకి ఐదు. డైవర్జ్ అన్నవాళ్లకి సున్నా. కట్టలన్నీ మళ్లీ విప్పాలి. తప్పు నాది, మీలో ఎవరిదీ కాదు."

హాల్లో గొణుగుడు మొదలైంది. సాయంత్రం బస్సులున్నవాళ్లు గడియారాలు చూసుకున్నారు. "ఇంటావిడ మాట కదా, కాదంటారా" అని ఒక మూల నుంచి నవ్వు వినిపించింది. మాస్టారు వినీ విననట్టు ఊరుకున్నారు. వినకపోవడం ఆయనకి అలవాటే. కాకపోతే ఇవాళ ప్రతి మాటా స్పష్టంగా వినబడింది.

ఆయనే ఒక కట్ట తీసుకుని మూడో బల్ల చివర, భార్య ఎదురుగా కూర్చున్నారు. మొదటి పేపరులో ఆరో ప్రశ్న దగ్గర స్కేలుతో గీసిన డబ్బా, అందులో రెండు గీతల మీద 'పి ఒకటిని దాటితే ఆగును, దాటకుంటే సాగును'. కోడ్ నంబరు ఏదైతేనేం, ఇది ఏ కాలేజీ పేపరో చెప్పడానికి సోదె అడగక్కర్లేదు. ఐదు కొట్టేసి సున్నా వేశారు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆయన చెప్పింది చెప్పినట్టు, నమ్మకంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

"సగం ఇలా ఇవ్వండి సార్" అంది ఆవిడ.

"వద్దు. ఇవి నా పిల్లలవి. నేనే వేస్తాను."

ఇంకో పేపరు తిప్పారు. ఈ పిల్లెవరో, పిల్లాడెవరో, టీ దగ్గర ఆగింది. మామూలు ఇంటెగ్రల్ చేసింది. రెండు మైనస్ రెండు రూట్ టీ తెచ్చింది. టీని సున్నాకి పంపింది. జవాబు రెండు అని రాసింది. ఆ తర్వాత మొత్తం మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీత పెట్టి కొట్టేసింది. కింద డబ్బా కట్టి మాస్టారి సూత్రం రాసి, పక్కన 'కాబట్టి పై లెక్క తప్పు' అని చేర్చింది.

మాస్టారు చాలాసేపు ఆ గీతనే చూశారు. పేపరు ఆవిడ వైపు జరిపారు.

"కొట్టేసినదానికి వేయొచ్చా?"

ఆవిడ చదివింది. "మొదటిరోజు మీరే చెప్పారు కదండీ" అంది, మెల్లగా. ఈసారి సార్ అనలేదు.

"నువ్వు వెయ్యి, పోనీ."

"మీ పిల్లలవన్నారుగా."

మాస్టారు పేపరు వెనక్కి తీసుకున్నారు. ఎర్ర పెన్నుతో, ఎవరికీ కనబడనంత చిన్నగా, సున్నా వేశారు.