మెడ వదిలేసే చోటు

మా ఆవిడ పోయింది ఒక మంగళవారం, మూడో పీరియడ్ నడుస్తుండగా. నేను ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. ప్యూను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. అతను నిలబడిన తీరు చూసి సుద్దముక్క కింద పెట్టాను.

ఆమె కూడా టీచరే, ఒకటో తరగతికి. పోవడానికి నాలుగు నెలల ముందు తమ్ముడి మాట కాదనలేక వాళ్ళ కంప్యూటర్ ఆటకు గొంతు ఇచ్చింది. మా బావమరిది చిన్న ఆఫీసు పెట్టి పిల్లల కోసం చేస్తున్న ఆట అది. అందులో ఒక తరగతి గది, ఆ గదిలో ఒక టీచరమ్మ ఉంటుంది. ఆడేవాళ్ళు తెర మీద ఒక చిన్నపిల్లను గదంతా తిప్పుతూ లెక్కలు చేయాలి. టీచరమ్మ బోర్డు పక్కన నిలబడి, ఆ పిల్ల ఎటు వెళితే అటు తల తిప్పి చూస్తూ మాట్లాడుతుంది. "మళ్ళీ ఒకసారి చూడమ్మా", "దగ్గరికొచ్చావు", ఇలాంటివి అరవై రెండు మాటలు. అన్నీ ఆమె గొంతే.

ఆమె పోయిన మూడు నెలల తర్వాత ఒక ఉదయం బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఒకసారి ఆఫీసుకు రాగలవా? టీచరమ్మను తీసేయమంటున్నారు."

ఆటను విడుదల చేయబోయే సంస్థ నుంచి ఒక అధికారిణి దాన్ని ఆడి చూసి ఉత్తరం రాసిందట. ఆ తలను చూస్తే పిల్లలు జడుసుకుంటారు, సరిచేయండి, లేదా పాత్రను తీసేసి మాటలను తెర మీద అక్షరాలుగా వేయండి అని. ఆ సాయంత్రం నాలుగింటికి ఆవిడే వచ్చి చూసి తేల్చేస్తుందట. అక్షరాలకు గొంతు అక్కర్లేదు. బడికి సెలవు చీటీ పంపి బయలుదేరాను.

ఆఫీసంటే కళ్ళద్దాల దుకాణం పైన రెండు గదులు. టీచరమ్మ కదలికలకు ప్రోగ్రాం రాసే అమ్మాయిని అక్కడ అందరూ కోణాలమ్మ అంటారు. ఆమె నాకు కుర్చీ చూపించి తెర మీద పిల్లను టీచరమ్మ కుడివైపుకు నడిపింది. టీచరమ్మ తల మెత్తగా పిల్ల వెంట తిరిగి, ఒకచోట ఆగింది.

"తలకు డెబ్బై డిగ్రీలే హద్దు మాస్టారూ. ఛాతీ ఎటు చూస్తుంటే అక్కణ్ణుంచి కొలుస్తాం. అంతకుమించి తిరిగితే మెడ విరిగినట్టుంటుంది. ఇప్పుడు చూడండి."

పిల్ల టీచరమ్మ వెనక్కి వెళ్ళింది. తల మాత్రం కుడిభుజం మీదే బిగుసుకుపోయి ఖాళీ గోడను చూస్తోంది. పిల్ల సరిగ్గా వీపు వెనక నుంచి ఒక్క అడుగు వేసింది. తల కుడి నుంచి ఎడమకు గిర్రున తిరిగింది.

"ఇదేమిటమ్మా, పూనకం వచ్చినట్టు."

"లెక్క ప్రకారం తప్పు లేదు మాస్టారూ. వెనకాల పిల్ల కుడివైపు నూట డెబ్బై తొమ్మిది దగ్గరుంది. ఇంకో అడుగేస్తే ఎడమవైపు నూట డెబ్బై తొమ్మిది. వాటిని హద్దులోకి కుదిస్తే ఇటు డెబ్బై, అటు డెబ్బై. తల ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తాలి."

"వేగం తగ్గించి చూశాం బావా. అప్పుడు ఎదురుగా ఉన్న పిల్లను కూడా నిద్రమత్తులో ఉన్నట్టు చూస్తోంది."

"మరి నేనేం చేయగలను?"

"మీరు ఇరవై ఆరేళ్ళు క్లాసులో నిలబడ్డారు కదా," అంది కోణాలమ్మ. "ఇక్కడా నిలబడండి, చాలు."

గోడకున్న తెల్లబోర్డు పక్కన నిలబడ్డాను. బావమరిది టీ కప్పుతో నా చుట్టూ నడవడం మొదలుపెట్టాడు.

"ఇంత పొట్ట ఉన్న ఒకటో తరగతి పిల్లను నేనెక్కడా చూడలేదు," అంది ఆమె.

"నువ్వు మెడ చూడు, పొట్ట కాదు."

మొదటి చుట్టులో నా మెడ నాకే బరువుగా తోచింది. "మాస్టారూ, మీరు నటిస్తున్నారు. పాఠం చెప్పండి," అంది. భిన్నాలు ఎత్తుకున్నాను. ఆ మంగళవారం తర్వాత ఆ పాఠం మళ్ళీ చెప్పలేదు. చెబుతుంటే మెడ సంగతి మరిచిపోయాను. నాలుగు చుట్లు అయ్యాక ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మా సార్ మీ వెనక్కి వెళ్ళినప్పుడు మీరు చూడడం మానేశారు."

"వెనకున్నవాణ్ణి ఎలా చూస్తానమ్మా? బోర్డు చూసుకుంటాను. ఇటుపక్కకు వస్తే అప్పుడు చూస్తాను."

ఆమె తెర మీది టీచరమ్మ వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అంది.

"మేం వదిలేయడం రాయలేదు. హద్దు దాకా వెళ్ళి అక్కడే పట్టుకుని ఉండమని రాశాం."

మధ్యాహ్నం భోజనాల వేళకు రాసేసింది. పిల్ల హద్దు దాటగానే టీచరమ్మ పిల్లను చూడడం వదిలేస్తుంది, తల మెల్లగా వెనక్కి వచ్చి మామూలు కదలికలో కలిసిపోతుంది. ఇక వీపు వెనక ఎన్ని అడుగులు వేసినా తలకు పట్టదు. బాగుంది. పిల్లను సరిగ్గా హద్దు మీద నిలబెట్టేదాకా బాగానే ఉంది. తెర మీది పిల్ల ఊరికే నిలబడినా ఊపిరి తీస్తూ కాస్త ఊగుతుంది. ఆ ఊపుకు కోణం అరవై తొమ్మిది, డెబ్బై ఒకటి, మళ్ళీ అరవై తొమ్మిది. టీచరమ్మ తల అటు కొంచెం, ఇటు కొంచెం వణుకుతూనే ఉంది.

"వద్దు వద్దు అంటున్నట్టుంది," అన్నాడు బావమరిది. అప్పటికి రెండు గంటలు దాటింది.

"మాస్టారూ, వదిలిన చోటే మళ్ళీ పట్టుకుంటారా మీరు?"

నాకు నా మెడ గుర్తు రాలేదు. మా బడిలో మా ఆవిడ తరగతి కిటికీ పక్క నుంచే నేను స్టాఫ్ రూముకు వెళ్ళేవాణ్ణి. పక్కకు జారుకునే పిల్లను ఆమె చూపుతో చాలా దూరం సాగనంపేది. తిరిగొచ్చే పిల్లను మాత్రం బాగా ముందుకొచ్చాకే పట్టించుకునేది.

"వదిలేది దూరంలో," అన్నాను. "పట్టుకునేది దగ్గరలో."

కోణాలమ్మ అప్పటికే కీబోర్డు వైపు తిరిగింది. "వదలడం ఎనభై ఐదు దగ్గర. పట్టుకోవడం అరవై దగ్గర. మధ్యలో ఉంటే అంతకుముందు ఏం చేస్తోందో అదే. మెడ మాత్రం డెబ్బై దాటదు. తిరిగి రావడానికి సగం వేగం."

పిల్లను హద్దు మీద నిలబెట్టి ముగ్గురం చూశాం. తల వణకలేదు.

అధికారిణి సరిగ్గా నాలుగింటికి వచ్చింది. టీ వద్దంది. ఆట ఆడే రిమోట్ అందుకుని, ఎక్కడ తప్పుందో తెలిసిన మనిషి కాబట్టి, పిల్లను తిన్నగా టీచరమ్మ వెనక్కి పరిగెత్తించింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మళ్ళీ ఎదురుతిప్పి ఒక చుట్టు. భుజం దగ్గర కావాలనే ఆపి చూసింది. టీచరమ్మ తల భుజం దాకా పిల్ల వెంట వెళ్ళింది, కాసేపు ఆగింది, వదిలేసి నిదానంగా ముందుకు వచ్చింది. పిల్ల ఎడమ పక్క నుంచి బాగా ముందుకొచ్చాక అటు తిరిగింది.

"ఆ, ఇప్పుడు చెప్పు," అంది మా ఆవిడ గొంతు.

బావమరిది కిటికీలోంచి వీధి చూస్తున్నాడు.

"ఇదివరకు ఈవిడ నా వెంట పడేది," అంది అధికారిణి. "ఇప్పుడు నన్ను చూస్తోంది."

ఆమె రిమోట్ కింద పెట్టలేదు. మొదటి పాఠం అంతా ఆడింది, రెండోది మొదలుపెట్టింది, ఒక లెక్క తప్పు చేసి "మళ్ళీ ఒకసారి చూడమ్మా" అనిపించుకుని నవ్వింది. లేస్తూ, "టీచరమ్మను ఉంచండి. గొంతు కూడా ఇదే," అంది.

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగగానే బావమరిది కోణాలమ్మ కుర్చీ పట్టుకుని గిర్రున తిప్పాడు. "ఎనభై ఐదు దాటావు, వదిలేస్తున్నా!"

"సార్, వాంతి చేసుకుంటా. సగం వేగంతో వదలండి."

నేనూ నవ్వాను. తర్వాత రిమోట్ అడిగి తీసుకున్నాను. పిల్లను ఒక పక్క నుంచి నడిపించి టీచరమ్మ ఎదురుగా నిలబెట్టాను. తల తిరిగి వచ్చి ఆగింది. నేను పిల్లను అక్కడి నుంచి కదపలేదు. వాళ్ళిద్దరూ నన్ను తొందరపెట్టలేదు.

వచ్చే నెలకు ఆటను ఇద్దరు పిల్లలు కలిసి ఆడేలా చేయాలి. ఇద్దరూ ఒకేసారి ఎదుటకొస్తే ఎవరి వైపు తల తిప్పాలో ఇంకా రాయలేదు.