సాక్షి గడి

ఆదోనిలో మల్లికార్జునయ్య కట్టిన మూడంతస్తుల బట్టల కాంప్లెక్సుకు ఆ రోజు ఆఖరి పరీక్ష. మర్నాడే ప్రారంభం. ఎమ్మిగనూరు చీరలు అప్పుడే అరల్లోకి ఎక్కాయి. మంటల అలారమూ, కప్పు కింది నీటిజల్లు పైపులూ బిగించిన ఇంజనీరు సేతుమాధవరావు సర్టిఫికెట్ తెచ్చాడు. నిన్న తానొక్కడే అన్నీ పరీక్షించుకుని గడులన్నీ నింపేశాడు. సాక్షి గడులే ఖాళీ.

"అన్నీ ముందే రాసుకోనొచ్చినావే! పెండ్లికి ముందే బిడ్డకు పేరు పెట్టినట్లుందప్పా," అని ఫైర్ ఆఫీసరు శేషప్ప నవ్వాడు. "నేను కండ్లారా సూస్తేనే సంతకం."

అలారం పెట్టె అద్దం పగలగొడితే గంట మోగింది. పొగకు డిటెక్టరు పలికింది. కరెంటు తీసేసినా బ్యాటరీ మీద మోగింది. శేషప్ప ఒక్కొక్క సంతకం చేస్తూ వచ్చాడు.

మిగిలింది నీళ్లు. పై అంతస్తులో, పైపు చిట్టచివర పరీక్ష కుళాయి ఉంది. దాన్ని తెరిస్తే, మంట వేడికి పైపు మూతికున్న గాజుబుడ్డి పగిలి నీళ్లు జల్లినట్టే లెక్క. కింద గంట మోగాలి, పంపు దానంతటదే కదలాలి. నిన్నటి లెక్కన కాగితంలో ముప్పై ఎనిమిది సెకన్లు.

సేతుమాధవరావు తిప్పాడు. బుస్సుమని వచ్చిన నీళ్లు దారమై, చుక్కలై ఆగిపోయాయి. గంట లేదు. పంపు లేదు. వాచీలో రెండు నిమిషాలు గడిచాయి.

శేషప్పను కుళాయి దగ్గరే వదిలి మెట్లు ఎలా దిగాడో తెలియదు. పంపు గదిలో, పై పైపులకు నీళ్లు వదిలే పెద్ద వాల్వు మూసి ఉంది, దానికి గొలుసు, తాళం. పొద్దున ఒత్తిడి చూపే గేజీ ముల్లు సరిగ్గానే నిలిచింది. అది పై పైపుల్లో చిక్కుకున్న ఒత్తిడని తనకు తట్టలేదు.

"ఎవరు మూసినారు దీన్ని?" వాచ్‌మన్ గిడ్డయ్య మీద విరుచుకుపడ్డాడు.

"మీరే కద సార్! నిన్న పోతా పోతా మూసి, ఇంకో సుట్టు బిగిస్తిరి. బీగమేసి సెవి జేబులో ఏసుకుంటిరి."

చెయ్యి జేబులోకి పోయింది. తాళంచెవి చల్లగా తగిలింది. తెరిచి ఉన్న వాల్వుకే గొలుసు వేశానని గట్టి నమ్మకం. చక్రం తిప్పిన జ్ఞాపకం మాత్రం ఎంత తవ్వినా లేదు. చిన్నప్పుడు, మూడు రోజులకోసారి నీళ్లొచ్చే ఊళ్లో, కుళాయి కట్టకుండా గడప దాటితే అమ్మ చెయ్యి వీపున పడేది. ఆ చెయ్యి ఇన్నేళ్లూ తన చేతిలోనే ఉందా?

"ఇప్పుడు తెరిసి గంట మోగించండి రావ్‌గారూ, సాలు," అన్నాడు వెనకే దిగొచ్చిన మల్లికార్జునయ్య. "మూసింది మీరేనని ఎవరికి తెలుస్తాది?"

పైన అరల్లో చీరలు, రేపు వాటి మధ్య ఆడవాళ్లు. సేతుమాధవరావు తాళం తీశాడు.

వాల్వు పూర్తిగా తెరిచి, మళ్లీ పైకెక్కి కుళాయి తిప్పాడు. నలభై ఒక్క సెకన్లకు గంట గణగణమంది, పంపు కదిలింది. పాత కాగితం చించి కొత్తది తీశాడు. మొదటి పరీక్ష విఫలం, కారణం ప్రధాన వాల్వు మూసి ఉండడం, మూసినవాడు... తన పేరే రాశాడు.

శేషప్ప చదివి, నవ్వకుండా సాక్షి సంతకం చేశాడు.

"వాల్వు తెరిచే ఉండేట్టు బీగమెయ్యల్ల. సెవి ఎవరి దగ్గరుంటాది?"

"ఎవరి దగ్గరైనా ఉండనీండి," అన్నాడు సేతుమాధవరావు, దాన్ని గిడ్డయ్య అరచేతిలో పెడుతూ. "నా దగ్గర మాత్రం వద్దు."