హెల్మెట్ కింద రెండు సుళ్లు

శామీర్‌పేటకు రెండుసార్లు పెళ్లిచూపులకు వెళ్లి, రెండుసార్లూ జుట్టు దగ్గరే ఓడిపోయాడు అన్వేష్. మూడోసారి ఆదివారం సాయంత్రం నాలుగింటికి. అదే ఆఖరని కబురొచ్చింది.

రక్షితకు అతను నచ్చాడు. ఆమె తండ్రి లింగస్వామి ఆర్టీసీ డ్రైవరు. రోడ్డు మీద పగిలిన తలలు చూసినవాడు కనుక ఒకటే షరతు పెట్టాడు: "హెల్మెట్ లేకుండ బండి మీదొస్తే గేటు కాడికెల్లే వాపస్." చిక్కంతా ఆయన తల్లి లక్ష్మమ్మతో. తన ఊరు అత్వెల్లి నుంచి బండి మీద అక్కడిదాకా వచ్చి అన్వేష్ హెల్మెట్ తీయగానే అణిగిన జుట్టు నెత్తికి అట్టు వేసినట్టు కనబడేది. "గీ పొలగానికి ఎంటికలున్నయా, నెత్తికి రంగేసుకున్నడా?" అని రెండుసార్లూ ముసలావిడ పైకే అడిగింది.

శనివారం మేడ్చల్‌లో సిద్దిరాములు సెలూన్‌కు చేరాడు. "కాకా, రేపు హెల్మెట్ తీసినంక పిల్లోల్ల అవ్వకు ఎంటికలు కనబడాలె. నా పెండ్లి నీ చేతిల ఉంది."

"ఇన్నొద్దులు నీ నెత్తే ఉండె. ఇగ పెండ్లి గూడనా? సరే, పొద్దుగాల తానం జేసినంక ఏం జేస్తవ్ తమ్మీ?"

"జెల్లు రాస్త. మస్తుగ నిలబడ్తయి. గప్పుడే హెల్మెట్ పెట్టుకుంట."

"ఇంక ఇస్త్రీ పెట్టె ఎందుకు? తడి ఎంటికలు ఎట్ల వంగితె గట్లనే ఆరుతయి. జెల్లు గా వంపును పట్టుకుంటది." సిద్దిరాములు దువ్వెనతో నడినెత్తి జుట్టు పైకి లాగి చూపించాడు. "నాలుగించులుంది. హెల్మెట్ ఒత్తితె మడిచి పడుకుంటది. పక్కల పొట్టిగ, పైన ఇంచున్నర ఉంచుత. కొసలు కత్తెర నిలువుగ పట్టి ఎక్కువ తక్కువ జేస్త. అట్లయితె వేళ్లతోని లేపంగనే లేస్తయి."

నీళ్లు చల్లి వెనక వైపు దువ్వుతూ హఠాత్తుగా ఆగిపోయాడు.

"తమ్మీ, నీకు రెండు సుళ్లున్నయి."

బెంచీ మీద వంతు కోసం కూచున్నవాళ్లు పేపర్లు దించారు. "రెండు సుళ్లు, రెండు పెండ్లిళ్లు!" అని ఒకాయన ఆనందంగా ప్రకటించాడు. మొదటి పెళ్లికే దిక్కులేనివాడికి అది శాపంలా వినబడింది. పొడుగు జుట్టు ఇన్నాళ్లూ ఆ రెండింటినీ కప్పిపెట్టింది.

"ఎన్క కొంచెం ఉంచు కాకా."

రెండించులు ఉంచాడు. ఆరబెట్టి, పది నిమిషాలు హెల్మెట్ పెట్టించి తీయించాడు. పక్కలు భేషుగ్గా ఉన్నాయి. వెనక మాత్రం కోడిపుంజు జుట్టులా ఒక పిలక లేచి నిలబడింది.

"సుడి కాడ రెండు దిక్కుల తిరుగుతయి. పొడుగుంటె బరువుకు పడుకుంటయి, పొట్టిగుంటె లేవనే లేవవు. నడుమ ఉంటె గిట్లనే. జల్దీ చెప్పు. పొడుగుంచితె అవ్వ బోడి అంటది. కోస్తే సుళ్లు లెక్కబెడ్తది."

అన్వేష్ అద్దంలో తన పిలకను చూశాడు. "కొయ్యి," అన్నాడు. బోడివాడనిపించుకోవడం కన్నా రెండు పెళ్లిళ్ల మగాడనిపించుకోవడం నయం.

ఆదివారం తల పూర్తిగా ఆరాకే, పల్చటి నూలు గుడ్డ కట్టుకుని హెల్మెట్ పెట్టాడు. లింగస్వామి ఇంటి గేటు దగ్గర హెల్మెట్, గుడ్డ తీసి, జుట్టును వెనక నుంచి ముందుకు వేళ్లతో రుద్దాడు. లేచింది. శనగగింజంత జెల్లు అప్పుడు రాశాడు.

లక్ష్మమ్మ దగ్గరకు పిలిచి జుట్టు పట్టి లాగింది. ఊడలేదు. మొహం వికసించింది. అతని తల అటు తిప్పి వెనక చూసింది. మొహం వాడింది.

"ఒరే లింగా, రెండు సుళ్లురా!"

"అది హెల్మెట్ లోపల గుండీ ఒత్తింది అవ్వా," అన్నాడు అన్వేష్.

"ఎంటికలను గుండ్రంగ తిప్పే గుండీ ఏడ దొరికింది కొడుకా?" ముసలావిడ మనవరాలి వైపు తిరిగింది. "వద్దు బిడ్డా. నీ మీదికి సవితి వస్తది."

రక్షిత రోజూ స్కూటీ మీద కొంపల్లి ఆఫీసుకు వెళ్లివస్తుంది. ఆమె చూపు సుళ్ల మీద లేదు, లేచి నిలబడ్డ జుట్టు మీద ఉంది. "ఏ సెలూన్ల చేయించుకున్నవ్? హెల్మెట్ తీసినంక నా ముంగటి ఎంటికలు బంక పెట్టినట్టు ఉంటయి," అంది. తర్వాత అవ్వతో, "రెండు లగ్గాలే గదనే? ఒకటి రిజిస్టర్ ఆఫీసుల, ఒకటి ఇంటి ముంగట. రెండూ నాతోనే. సుళ్ల బాకీ తీరిపాయె," అంది.

లక్ష్మమ్మ వేళ్ల మీద లెక్క చూసుకుంది. లింగస్వామి మీసం కింద నవ్వు దాచుకున్నాడు.

"ఒక్కదినమే రెండూ జేయుండ్రి," అంది చివరకు. "నడుమ సందు ఇస్తే ఇంకోతి దూర్తది."

అన్వేష్ ఆనందం పట్టలేక ఆమె కాళ్లకు దండం పెట్టబోయాడు. రక్షిత చటుక్కున భుజం పట్టి ఆపింది.

"వంగకు. అవ్వ మళ్ల లెక్కబెడ్తది."