పదహారు కిలోల నవత

నా మాటల్లో సగం తీసేయాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. బోయిన్‌పల్లి మార్కెట్లో నేను మోసిన గుమ్మడికాయ మీద ఇద్దరు కూర్చొని అన్నం తిన్నారంటే నవ్వి ఊరుకుంటారు. ఒక్క మనవరాలి బరువే ఎవరూ తగ్గించుకోలేదు.

నెల క్రితం అక్కడి బస్తాల కాంటా మీద నవతను తూచాను. నాలుగేళ్ల పిల్ల, పన్నెండు కిలోలు! కోడలు రజిత కొట్లో పనికి పోతే, మా ఆవిడ వండిపెడితే, తినిపించేది నేనే. పరువు పోతుందని పదహారని చెప్పాను.

ఈ పొద్దున పిల్లకు ఫిట్స్ మొదలై ఆగలేదు. నేను ఆసుపత్రికి ఎత్తుకుపోయేసరికి రజిత కూడా పరుగున వచ్చింది.

"బరువెంత?" అన్నారు డాక్టర్ హదస్సా.

"పదహారు. మా మామ తూచిండు," అంది రజిత.

నేను తలూపాను.

రెండుసార్లు ఇంజక్షన్ ఇచ్చినా కాళ్లూ చేతులూ కొట్టుకుంటూనే ఉన్నాయి.

"ఫెనిటాయిన్ పెట్టండి," అన్నారు డాక్టరు. "కిలోకు ఇరవై లెక్కన మూడొందల ఇరవై మిల్లీగ్రాములు. సెలైన్‌లో, ఇరవై నిమిషాలకు."

నర్సు మేబెల్ పిల్ల ఛాతీకి తీగలు అంటించి, మందును పంపుకు ఎక్కించింది.

"జెర జల్ది పోనియ్యమ్మా," అన్నాను.

"ఇది కల్లా తాతా, గటగట పోసుడుకు? నిమిషానికి కిలోకు ఒక్క మిల్లీగ్రామే. దాటితే బీపీ పడ్తది, గుండె నెమ్మదిస్తది. గందుకే గీ తీగలు."

మళ్లీ కిలో! నా వీపు గోడకు ఆనింది. ముందు మంచం, పక్కన కోడలు. నోరు తెరిస్తే అబద్ధాలకోరును. తెరవకపోతే? ఫిట్స్ ఆగితే చాలు, ఇంకెప్పుడైనా చెప్పుకోవచ్చు అనుకుంటూ మానిటర్‌లో గుండె కొట్టుకునే అంకె వైపు చూశాను. నూట అరవై. నూట ముప్పై. పది నిమిషాలకు ఎనభై. డెబ్బై. మానిటర్ కూత పెట్టింది. మేబెల్ పంపు ఆపేసింది.

"పన్నెండు!" అని అరిచాను.

"ఏందీ?" అంది రజిత.

"పిల్ల పన్నెండు కిలోలే బిడ్డా. పదహారని నేనే పెంచి చెప్పిన."

డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. బీపీ చూసి, "తక్కువుంది," అంటూ సెలైన్ ఎక్కించారు. "ముందిచ్చిన ఇంజక్షన్ కూడా ఎక్కువే పడింది. మేబెల్, ఊపిరి కనిపెట్టుకో. నూట అరవై మిల్లీగ్రాములు పోయింది. మొత్తం రెండొందల నలభై మించొద్దు. గుండె తేరుకున్నాక మిగతా ఎనభై, పన్నెండు కిలోల లెక్కన వచ్చే వేగంలో సగంతో."

అంకె నూట పది దాటి, బీపీ కుదిరాక పంపు మళ్లీ కదిలింది. మందు అయిపోవచ్చేసరికి నవత వేళ్లు కొట్టుకోవడం ఆగింది. పిల్ల గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. నేను గోడను వదల్లేదు.

"పొద్దున ఏం తిన్నది?" అని డాక్టరు అడిగారు.

"అర ఇడ్లీ," అన్నాను.

రజిత నా వైపు చూడకుండా ఫోను తీసింది.

"అత్తా, నవత పొద్దున ఏం తిన్నది? నువ్వు చెప్పు."