బిందె మీద బంక

పుట్టింటి వస్తువంటే ఆడవాళ్లకు అదొక వెర్రి. రమాబాయికి అది మరీ ముదిరిన వెర్రి. ఎమ్మిగనూరులో తన కొడుకు ఒడుగుకు ఆదోని నుంచి అన్న శ్రీపాదరావు వస్తాడా రాడా అని నెల రోజులు కంటి మీద కునుకు లేకుండా గడిపింది. అప్పటికి మూడేళ్లుగా అతను ఆమె గడప తొక్కలేదు. కారణం అడిగితే ఎవరూ చెప్పలేరు. కలిగినవాళ్లు దూరం కావడానికి కారణాలు అక్కర్లేదు కదా.

"మీ అన్న వచ్చేది, మేము చూసేది!" అని మొగుడు గురురాజ రోజూ ఎగతాళి చేసేవాడు. బడిపంతులు. పిల్లల్ని వెక్కిరించి వెక్కిరించి అలవాటైన నోరు. "మేనమామ రాకుంటే నేనే ఆ వేషం కడతాలే."

కానీ శ్రీపాదరావు వచ్చాడు. పెళ్లాం పద్మాబాయితో సహా వచ్చాడు. వట్టి చేతులతో కూడా కాదు, తళతళలాడే స్టీలు బిందె తెచ్చాడు. దాని కడుపు మీద అరచేయంత స్టిక్కరు, నీలమూ బంగారమూ కలిసిన రంగులో. స్టీలు సామాన్లకు స్టిక్కర్లు అంటించడం అప్పుడప్పుడే మొదలైంది కాబట్టి అందరూ దాన్ని తడిమి చూశారు. రమాబాయి మురిసిపోయింది. వచ్చినవాళ్లందరికీ ఆ బిందె ఎత్తి చూపింది. "మా అన్న తెచ్చినాడు. పెద్ద అంగట్లో కొన్నాడంట" అని వీధి వీధంతా చెప్పింది. ఆ రోజు గురురాజ నోరు మూతపడింది. ఆమెకు ఒడుగు కన్నా అదే పెద్ద పండుగ.

పదిహేను రోజులకు స్టిక్కరు మూలలు లేచాయి. ఒక మూల ముందు నుంచే ముడత పడి ఉంది. లాగితే పైపొర ఊడొచ్చింది గాని, కింద తెల్లటి పీచూ బంకా మిగిలిపోయాయి. దాని మీద దుమ్ము పట్టి, నల్లటి మరక అయి కూర్చుంది. నీళ్లలో నానేసింది, పోలేదు. సబ్బు పెట్టింది, పోలేదు. చింతపండూ బూడిదా తీసుకొని తోమబోతుంటే పక్కింటి హుసేనమ్మ చూసి కేకేసింది.

"అయ్యో రమక్కా, బూడిదతో రుద్దితే గీతలు పడి మెరుపు పోతాది! బంకకి నీళ్లు పనిజేయవు. నూనె గావాల."

హుసేనమ్మ ఊరి ఇళ్లలోని ఖాళీ సీసాలు కొని, శుభ్రం చేసి, ఊరగాయలు పెట్టుకునేవాళ్లకు సంతలో అమ్ముతుంది. బంకతో ఆమెది రోజూ పోరాటమే.

"చెనిక్కాయ నూనె రాయి. రాసి, అన్నం ఉడికే దాకా దాని జోలికి పోవద్దు. బంక మెత్తబడతాది. అప్పుడు పాత గుడ్డతో తిప్పి తిప్పి రుద్దు, ఉండలు కట్టి లేసొస్తాది. ఇంకా ఏమన్నా మిగిలితే స్పిరిటు. మా ఇంటాయన ఆస్పత్రి నుంచి తెచ్చింది ఉంది, ఇస్తా. పొయ్యి కాడ మాత్రం ముట్టుకోవద్దు, బగ్గుమంటాది."

"స్పిరిటంటే సారాయి కాదూ?" అంది రమాబాయి ముక్కు మూసుకొని. "మా ఇంట్లోకి సారాయా?"

"బిందె తాగదులే అక్కా" అని హుసేనమ్మ నవ్వింది.

వేరుశనగ నూనె రాసి, అన్నం వార్చి వచ్చింది రమాబాయి. గుడ్డతో రుద్దితే హుసేనమ్మ చెప్పినట్టే బంక పురుగుల్లా ఉండలు కట్టి రాలింది. సంతోషపడింది. అయితే ఆ చోట ఇంకా నల్లగా చుక్కలు చుక్కలుగా ఏదో మిగిలింది. తుప్పేమో అనుకుంది. అన్న తెచ్చిన బిందెకు తుప్పేమిటని బాధపడి, వాకిట్లోకి పోయి, గుడ్డను స్పిరిట్‌లో తడిపి గట్టిగా రుద్దింది. చుక్కల్లో ఇరుక్కున్న బంక కరిగి వచ్చేసింది. చుక్కలు వరుస కట్టాయి. వరుసలు అక్షరాలయ్యాయి.

'అన్న గృహప్రవేశానికి చెల్లెలు రమాబాయి.'

అన్న కొత్తిల్లు కట్టుకున్నప్పుడు అంగడివాడి ముందు కూర్చొని, ఒక్కో అక్షరం సరిగ్గా పడుతోందో లేదో చూస్తూ తాను కొట్టించిన పేరు. ఆ బిందె కోసం ఎన్ని రవికెలు కుట్టిందో, గురురాజతో ఎంత పోట్లాడిందో ఆమెకే తెలుసు. తను పెట్టిన బిందెకే పైన స్టిక్కరు అంటించి తనకే తెచ్చి పెట్టారు. దాన్నే ఎత్తి ఎత్తి వీధంతా చూపించింది తాను. సిగ్గుతో ఒళ్లు కాలిపోయింది. అన్న మీద కోపం రావడానికి కూడా చాలాసేపు పట్టింది.

మొదట వచ్చింది భయం. మొగుడికి తెలిస్తే? జీవితాంతం ఎగతాళి. స్టిక్కరు మళ్లీ అంటిద్దామంటే ఎప్పుడో ముక్కలై చెత్తలో కలిసింది. సబ్బుతో జిడ్డు కడిగి, తుడిచి, ఆ అక్షరాల మీద మందంగా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బిందెను దేవుడి మూల పెట్టేసింది.

"అది నీళ్లకా, పూజకా?" అన్నాడు గురురాజ.

"పుట్టింటిది. నా ఇష్టం" అంది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం పాత పసుపు తుడిచి కొత్తది పూయడం ఆమె పని. గురురాజ కొన్నాళ్లు 'పుట్టింటి దేవత' అని నవ్వాడు. తర్వాత ఆ మాట మానేశాడు. విసుగొచ్చి ఉంటుందనుకుంది.

శ్రావణంలో శ్రీపాదరావు, పద్మాబాయి మంత్రాలయం పోతూ ఒక పూట దిగారు. దేవుడి మూలలో బిందె చూసి శ్రీపాదరావు ఉబ్బిపోయాడు. "చూసినావా బావా, నా చెల్లెలు నేనిచ్చినదాన్ని ఎట్లా పెట్టుకుందో!" గురురాజ తల ఊపాడు. రమాబాయి మొహం తిప్పుకుంది.

పద్మాబాయి మాత్రం దగ్గరికి పోయి వంగి చూసింది. పసుపు చుట్టూ అద్దంలా మెరుస్తున్న స్టీలు.

"రమా, ఆ బంక ఎట్లా పోగొట్టినావే? మా ఇంట్లో కొత్త బిందె ఒకటుంది. స్టిక్కరు లాగితే సగం బంక దానికే ఉండిపోయింది. ఎంత రుద్దినా పోతలేదు."

అన్నీ అర్థమయ్యాయి రమాబాయికి. కొత్త బిందె కొన్నది నిజమే. దాని స్టిక్కరు దీనికి వచ్చింది. బిందె అక్కడే ఉండిపోయింది. శ్రీపాదరావు గబుక్కున గోడ మీది పటం వైపు చూడసాగాడు. అంటే అతనికీ తెలుసు. ఇన్నాళ్లూ వదిన ఒక్కతే చేసిందేమో అనుకొని ఎంతో కొంత ఊరట పడుతూ వచ్చింది, అదీ పోయింది.

"చెనిక్కాయ నూనె రాయి వదినా" అంది. "కొంచెం సేపు వదిలిపెట్టి గుడ్డతో రుద్దు. మిగిలినదానికి స్పిరిటు. శుభ్రంగా పోతుంది. నీ బిందె మీద పేర్లేమీ లేవు కదా, తొందరగానే అయిపోతుంది."

పద్మాబాయి లోటాలోని కాఫీ సగం తాగి కింద పెట్టేసింది. బస్సు వేళయిందని ఇద్దరూ గబగబా లేచారు.

వాళ్లు పోయాక రమాబాయి వసారాలో కూలబడింది. ఆ రోజు శుక్రవారం. పసుపు మార్చాలన్న ధ్యాస కూడా లేదు. లోపల చప్పుడైతే తొంగి చూసింది. గురురాజ దేవుడి మూలలో గొంతుకూర్చొని, గిన్నెలో పసుపు కలిపి, బిందెకు పూస్తున్నాడు.

"పల్చగా పూస్తాండావు నువ్వు" అన్నాడు తల ఎత్తకుండా. "ఆరితే అక్షరాలు కనపడతాండాయి. మందంగా పూయాల."

రమాబాయికి అప్పుడు గుర్తొచ్చింది. నెలనెలా తాను బయటున్న రోజుల్లో దేవుడి పనంతా అతనిదే. ఆ వారాల్లోనూ బిందె మీద పసుపు పచ్చగానే ఉండేది. తాను పూసిందే నిలిచిందనుకుంది.

ఒక్క మాట ఎగతాళి చెయ్యి, అని అరవాలనిపించింది ఆమెకు. అతను చెయ్యలేదు. వేలితో పసుపు సర్ది, కుంకుమ గిన్నె కోసం చెయ్యి చాచాడు. రమాబాయి లేచి వెళ్లి అందించింది.